పన్నెండో స్లైడులో మాట

హిమజ ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అంతా ఇంగ్లీషు. బొమ్మలు, గీతలు, బాణాలు. ఆదివారం నాటికి తెలుగులో కావాలంది.

"ఎవరికి?"

"మన ఊరోళ్ళకే బాబాయ్ గారూ. ఐస్ ఫ్యాక్టరీ వర్మగారు, మేత డీలర్ పాపారావుగారు, రొయ్యపిల్లల హేచరీ వాళ్ళు. పదిమంది లోపే. అందరూ డబ్బున్నోళ్ళు, స్లైడ్లు ఇంగ్లీషులో ఉంటే ఫోన్లు చూసుకుంటా కూర్చుంటారు."

వాళ్ళ నాన్న నాతోపాటు పత్రికలో పనిచేశాడు. అందుకే బాబాయ్. నేను ఆ పత్రిక భీమవరం ఎడిషన్‌లో వ్యాపార పేజీ చూసేవాణ్ణి. పేజీ ఎత్తేశారు. ఇప్పుడు బ్యాంకులకీ ఇన్సూరెన్సు వాళ్ళకీ కాగితాలు తెలుగు చేస్తున్నాను. ఎవరూ చదవరు. డబ్బు మాత్రం ఇస్తారు.

ఆమె కంపెనీ రొయ్యల చెరువుల్లో ఒక పరికరం పెడుతుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే అది తనే నీళ్ళు చిలికే ఏరియేటర్లను ఆన్ చేస్తుంది. కరెంటు పోతే రైతుకి ఫోన్ చేస్తుంది. పరికరం మంచిదే. పనిచేయడం నేను చూశాను. కానీ బెంగళూరులో ఒక ఫండ్ ఇచ్చిన డబ్బు అయిపోవచ్చింది. వర్షాకాలం దాటేలోగా కొత్త డబ్బు రాకపోతే ఆఫీసు మూయాలి, కుర్రాళ్ళందర్నీ పంపేయాలి. ఆ మాట ఆమె చెప్పలేదు. స్లైడు చెప్పింది. "రన్‌వే" అని ఉంది అక్కడ.

"ఇది తీసేస్తున్నా," అన్నాను. "చేతిలో డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది, అని రాస్తున్నా."

"అలా రాస్తే మరీ బిచ్చగాళ్ళలా ఉంటాం కదండీ."

"ఉన్న సంగతి అదే."

నేను వరసగా తెలుగు చేసుకుంటూ పోయాను. వాల్యుయేషన్‌కి విలువ నిర్ధారణ అన్నాను. మార్జిన్‌కి లాభాంతరం అన్నాను. ఆమె పక్కన కూర్చుని చదివింది. నవ్వు ఆపుకుంది, ఆగలేదు.

"బాబాయ్ గారూ, పాపారావుగారు లాభాంతరం అంటారా? ఆయన పొద్దున్న లేచిన కాణ్నించీ మార్జిన్, మార్జిన్ అంటానే ఉంటారు."

నిజమే. ఈ ఊళ్ళో చెరువు గట్టు మీద నిలబడిన మనిషి పీహెచ్ అంటాడు, డీఓ అంటాడు, కౌంట్ అంటాడు. అవి ఇంగ్లీషని ఎవరికీ గుర్తుండదు. లాభాంతరం మాత్రం ఎవరి నోట్లోనూ లేదు. అది నా పత్రిక బల్ల మీద పుట్టిన మాట. కొట్టేశాను. నాకు కోపమే వచ్చింది, ఆమె మీద కాదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ పదిమంది నోట్లో ఉన్న మాటైతే ఇంగ్లీషుదే ఉండనిద్దాం. లేకపోతే విప్పి చెబుదాం. వాల్యుయేషన్ ఉంది. మార్జిన్ ఉంది. ఈక్విటీ దగ్గర కాసేపు ఆగాం. వాటా అంటే సులువే. కానీ ఇక్కడ చెరువులో వాటా అంటే పంట పంటకీ పంచుకోవడం, నష్టం వస్తే జేబులోంచి మళ్ళీ పెట్టడం. కంపెనీ షేరు అలాంటిది కాదు. ఏటా పంచేదీ ఉండదు, పెట్టినదానికి మించి పోయేదీ ఉండదు. అందుకని ఈక్విటీ షేర్లు అనే ఉంచాం. షేర్ మార్కెట్ వాళ్ళందరికీ తెలుసు. చాలామంది అందులో పోగొట్టుకున్నారు కూడా.

పన్నెండో స్లైడు దాకా వచ్చాం. బెంగళూరు ఫండ్‌కి ఉన్న హక్కులు అందులో ఉన్నాయి. లిక్విడేషన్ ప్రిఫరెన్స్, పార్టిసిపేటింగ్. నేను రాయడం మొదలుపెట్టాను. కంపెనీ అమ్ముడుపోయినా మూతపడినా, వచ్చిన డబ్బులో ముందు ఫండ్ తను పెట్టింది తీసేసుకుంటుంది. మిగిలినదాంట్లో మీ అందరితోపాటు మళ్ళీ తన భాగం తీసుకుంటుంది.

హిమజ నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"ఇదొక్కటీ ఇంగ్లీషులోనే ఉంచండి."

"ఎవరి నోట్లో ఉందీ మాట?"

"లీగల్ మాట బాబాయ్ గారూ. అగ్రిమెంట్ ఇంగ్లీషులోనే ఉంటది. తెలుగులో కొంచెం అటూ ఇటూ అయితే రేపు నా మెడకి చుట్టుకుంటది."

"అటూ ఇటూ అయిందా? చదువు."

చదివింది. అవలేదు.

"అందరికీ చెబుతున్నట్టే కదండీ. మాట అక్కడే ఉంటది. అడిగితే చెప్తాను."

"అడగరని నీకు తెలుసు. పదిమందిలో తెలీదని ఎవరూ అనరు."

ఆమె గోడకేసి చూసింది. గోడ మీద నా భార్య ఫోటో ఉంది. ఏలూరులో ఒక డాక్టరు ఆమె గురించి నాకు ఒక ఇంగ్లీషు మాట చెప్పి వెళ్ళిపోయాడు. ఇక బతకదు అనే మాట తెలుగులో ఉంది. అతనికి వచ్చు కూడా. నేను అతన్ని ఇవాళ్టికీ క్షమించలేదు. హిమజకి ఇవేవీ చెప్పలేదు. నేను రాసింది రాసినట్టే పంపాను.

ఆదివారం పొద్దున ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద కూర్చున్నాం. కింద గడ్డలు పగలగొట్టే చప్పుడు. పెసరట్టు ఉప్మా వచ్చింది. తిన్నాక వర్మగారు మీసం తుడుచుకుని, "కానియ్యమ్మా," అన్నారు.

హిమజ బాగా చెప్పింది. పరికరం గురించి చెబుతుంటే ఫోన్లు కిందకి దిగాయి. హేచరీ రామలింగం, "మొన్న మా తమ్ముడి చెరువులో రొయ్యంతా చచ్చి తేలిపోయింది, ఇదుంటే దక్కేది గదా," అన్నాడు. చేతిలో డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది అన్న స్లైడు దగ్గర పాపారావు నవ్వాడు.

"నిజం రాసేవమ్మాయ్. మా దగ్గరికొచ్చే వాళ్ళెవరూ రాయరు."

పన్నెండో స్లైడు వచ్చింది. నేను రాసిన రెండు వాక్యాలూ లేవు. తెలుగు అక్షరాల్లో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అని ఉంది, అంతే. ఆమె ఆ స్లైడు మీద ఎక్కువసేపు నిలవలేదు. అందరూ తలలు ఊపారు. రామలింగం కూడా ఊపాడు.

అయిపోయాక బేరం మొదలైంది. ఫండ్ పెట్టిన ధరకి రెట్టింపు వాల్యుయేషన్ అడిగింది హిమజ. వాళ్ళు గీసి గీసి బేరమాడలేదు. వర్మగారు చుట్టూ చూసి, "అందరికీ సమ్మతమేనా? అయితే మాట అప్పజెప్పించండి," అన్నారు.

హిమజకి అర్థం కాలేదు. చెరువు లీజుల్లో ఇది మామూలే. సంతకాల ముందు మధ్యమనిషి లేచి, ఎవరు ఎంత పెడతారు, ఎవరికి ఎప్పుడు వస్తుంది, మామూలు మాటల్లో మొత్తం చెబుతాడు. ఒక్కొక్క మాటకీ అందరూ ఆయ్ అనాలి. అననిది ఒప్పందంలో లేనట్టే. అక్కడ అగ్రిమెంట్ ఎవరూ చదవరు. ఆ మాటే అగ్రిమెంటు.

"మధ్యమనిషి ఎవరండీ ఇక్కడ?" అన్నాడు రామలింగం.

"రాసిన పెద్దాయన ఉన్నారు గదా," అన్నాడు పాపారావు నన్ను చూపిస్తూ. "లేవండి మాస్టారూ. సిగ్గేటి?"

లేచాను. ఎంత డబ్బు, ఎన్ని షేర్లు అని చెప్పాను. ఆయ్ అన్నారు. ఏటేటా పంచేది ఉండదు అన్నాను. ఆయ్. కంపెనీ పోతే మీరు పెట్టిందే పోతుంది, ఇంకా పెట్టక్కర్లేదు అన్నాను. ఆయ్. బెంగళూరు ఫండ్ సంగతి వచ్చింది. హిమజ ముఖం తెల్లబడింది. నన్నే చూస్తోంది.

నేను చెబితే ఆమె పని అక్కడితో సరి. చెప్పకపోతే మధ్యమనిషిగా నా పని సరి.

"ఇది నేను చెప్పేది కాదు," అన్నాను. "అమ్మాయి చెబుతుంది." కూర్చున్నాను.

హిమజ లేచింది.

"కంపెనీ ఎప్పుడన్నా అమ్మేశామనుకోండి," అంది. "ముందు ఫండ్ వాళ్ళు పెట్టిందంతా తీసేసుకుంటారండి. తర్వాత మిగిలినదాంట్లో మళ్ళీ మీతోపాటు తీసుకుంటారు. మీకు ముందు హక్కు లేదండి. తక్కువకి అమ్ముడైతే మీకు... ఏమీ రాకపోవచ్చు కూడా."

ఎవరూ ఆయ్ అనలేదు.

"ఓస్, ఇదా!" అన్నాడు రామలింగం. "మన పాపారావు పద్ధతే గదా! చెరువులో వాటా ఉంటాది, మేతా తనే పోత్తాడు. రొయ్య పట్టుబడి రోజున ముందు మేత బాకీ కోసేసుకుంటాడు, మళ్ళీ మిగిలినదాంట్లో వాటాకి చెయ్యి చాపుతాడు."

అందరూ విరగబడి నవ్వారు. పాపారావు కూడా నవ్వాడు.

"నేను పెట్టేను కాబట్టి తీసుకుంటన్నాను. తప్పేటి? నువ్వు మాత్రం మేత అరువు లేకుండా ఒక పంట తియ్యి చూద్దాం." తర్వాత నవ్వు ఆపేసి హిమజకేసి తిరిగాడు. "అమ్మాయ్, నాకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే చెప్తన్నాను. బెంగళూరోడు మేత డీలరైతే నేను ఉత్త వాటాదారుణ్ణి ఎందుకవుతాను? మమ్మల్నీ ఆ వరసలోనే కూర్చోబెట్టు."

"వాళ్ళు ఒప్పుకోవాలండి."

"ఒప్పుకోకపోతే వాళ్ళకీ పోద్ది గదా. డబ్బు అయిపోవచ్చిందని నువ్వే రాసేవు."

"ఇంకోటమ్మా," అన్నారు వర్మగారు నెమ్మదిగా. "ఈ మాట మొదటే చెబితే ఆ రెట్టింపు ధరకి నేను అడ్డు చెప్పేవాణ్ణి కాదు. అడిగేదాకా చెప్పలేదు నువ్వు. ఫండ్ పెట్టిన ధరకే మేమూ పెడతాం. వాళ్ళ వరసే, వాళ్ళ ధరే. లేదంటే పెసరట్టు తిన్నాం, సంతోషం."

మెట్లు దిగుతుంటే హిమజ నా పక్కన నడిచింది. నాతో ఏదో అంటుందనుకున్నాను. ఆమె బండి తీసి వెళ్ళిపోయింది.

ఫండ్ వాళ్ళు వారం రోజులు నాన్చారు. చివరికి సమాన వరసకి ఒప్పుకున్నారు. వేరే దారి లేదు వాళ్ళకి. ధర మాత్రం హిమజ మోసింది. అదే డబ్బుకి ఎక్కువ షేర్లు ఇవ్వాల్సి వచ్చింది. కంపెనీ నిలబడింది. అందులో సగం కన్నా ఎక్కువ ఇదివరకు ఆమెదే, ఇప్పుడు కాదు.

సంతకాల ముందు మళ్ళీ నా దగ్గరికొచ్చింది. అగ్రిమెంటులోని ముఖ్యమైన సంగతులన్నీ ఒక కాగితం మీద తెలుగులో కావాలంది. ఈసారి తనే రాసుకొచ్చింది, దిద్దమంది.

"నామీద కోపం ఉందా బాబాయ్ గారూ?"

"ఉంది."

"పోతదా?"

"పోదు. కాగితం ఇలా ఇయ్యి."

అక్కడక్కడా అక్షరదోషాలు. ప్రిఫరెన్స్ సంగతి నేను రాసినదాని కన్నా పొట్టిగా రాసింది. డైల్యూషన్ దగ్గర ఇంగ్లీషు మాట కొట్టేసి ఉంది. కింద పెన్నుతో, "ఈ డబ్బు వచ్చాక కంపెనీలో నా భాగం తగ్గుతుంది. ఇంకోసారి డబ్బు తెస్తే మీదీ తగ్గుతుంది," అని ఉంది.

అక్షరదోషాలు దిద్ది ఇచ్చాను. ఆ రెండు వాక్యాల జోలికి పోలేదు.