ఒక కష్టం, రెండు సుఖాలు

బావిలో నీళ్లు ఉప్పుబారాక గుడారాలు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఆ ఇసుకలో మిగిలింది సల్కా, ఆమె తండ్రి యహ్దీహ్. ఆయన దగ్గర చెక్కపలక పట్టి ఖురాన్, వ్యాకరణం నేర్చుకున్న పిల్లలంతా కిఫా పట్నానికి పోయారు. చివరి లారీ ఆరోజు మధ్యాహ్నం వస్తుంది. ఆయన కదలనన్నాడు.

ఆయన్ని పట్టి ఉంచింది ఖురాన్‌లోని ఒక్క వాక్యం. ‘ఇన్న మఅల్ ఉస్రి యుస్రన్’. నిశ్చయంగా కష్టంతో పాటే సుఖం. గ్రంథంలో అది వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. కష్టానికి ముందు, అరబీలో ‘ఆ ఫలానా’ అని చూపే ‘అల్’ ఉంది కాబట్టి అది తెలిసిన కష్టం. రెండోసారి అన్నా అదే. సుఖానికి ‘అల్’ లేదు, అది ఏదో ఒక సుఖం. మళ్లీ అంటే మరొకటి. కష్టం ఒకటి, సుఖాలు రెండు. వాన ఒకటి, సముద్రం మీద పోయి జాడలేని కొడుకు రావడం రెండోది అని ఆయన లెక్క.

సల్కా తాగునీటి తోలుసంచి ఎత్తి చూపింది. అడుగున తడి మాత్రమే ఉంది. అయినా ఆయన వినలేదు. అప్పుడు, ఆయన నేర్పిన విద్యే ఆయన మీద వాడింది.

“నాన్నా, ‘రౌతుతో కత్తి ఉంది, రౌతుతో కత్తి ఉంది’ అంటే కత్తులు రెండా?”

ఆయన తోలుసంచి వైపు చూశాడు.

“ఒకటే కత్తి. గట్టిగా చెప్పడానికి రెండుసార్లు అన్నారు. ఈ అభ్యంతరం నాకు నేర్పింది నువ్వే.”

“నీకు నేర్పడమే నా తప్పు,” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాసేపటికి, “నిజమే తల్లీ. రెండని రుజువు లేదు,” అని లేచి చెప్పులు వేసుకున్నాడు. లారీ ఎక్కేటప్పుడు వెనక్కి చూడలేదు.

కిఫాలో బంధువుల వాకిట్లో ఒక చాప ఇచ్చారు. పాత శిష్యులు పలకలతో వచ్చి కూర్చుంటే, కళ్లు నొప్పని పంపేశాడు. రెండు వాక్యాల మధ్య తేడా వస్తే భోజనం మానేసి వాదించే మనిషి, ఇప్పుడు పెట్టింది తిని గోడవైపు తిరుగుతున్నాడు. వాన ఎక్కడైనా పడిందా అని కూడా అడగలేదు.

ఒక సాయంత్రం సల్కా టీ పోస్తూ తనే ఆ వాదం మళ్లీ ఎత్తుకుంది.

“నాన్నా, నేను తొందరపడ్డాను. రౌతు మాట మామూలు మాట. దైవవాక్యంలో ఊరికే తిప్పి చెప్పడం ఉండదు కదా? రెండో వాక్యం కొత్తగా మొదలైంది, కొత్త సుఖమే అయ్యుండాలి.”

ఇందులో కావాలనే ఓ లోపం వదిలిపెట్టింది. గ్రంథంలోనే గట్టిగా చెప్పడానికి తిప్పి చెప్పిన చోట్లు ఆయనకు నోటికి వచ్చు. పట్టుకుంటాడని, ‘పిచ్చిదానా’ అని మందలిస్తాడని ఎదురుచూసింది.

ఆయన గ్లాసు అందుకున్నాడు.

“నువ్వు చెప్పినట్టే అమ్మా,” అన్నాడు.