బేకరీ సంచి మీద పదమూడు గీతలు

డిజైనరు తన పని గొప్పను చాటుతూ నెట్‌లో పోస్టు చేయబోయే కేస్ స్టడీలో పన్నెండు పేరాలు ముగించి, దిగ్విజయయాత్ర నుంచి తిరిగొచ్చిన చక్రవర్తిలా కుర్చీలో వెనక్కి వాలాడు. వీధి చివరి బేకరీకి రెండు నెలలు తపస్సు చేసి తాను ప్రసాదించిన లోగో చరిత్ర అది. పాతికేళ్లుగా ఆ దుకాణం సంచుల్ని ఏలిన లావుపాటి కోడిపుంజును పదవీచ్యుతం చేసి, పదమూడు వెంట్రుకవాసి గీతల గోధుమ కంకికి పట్టం కట్టిన వైనం. "గీత సన్నబడేకొద్దీ రొట్టె తేలికవుతుంది" అన్నది అందులోని మహావాక్యం.

లోటు ఒక్కటే. నాలుగు కాఫీ షాపుల యజమాని తన లోగో పని ఇతనికే ఇవ్వజూపుతూ, "కంప్యూటర్లో చేసిన బొమ్మలు వద్దండీ. మీ లోగోను దుకాణంలో నిజంగా వాడుతున్న ఫోటో సాయంత్రంలోగా మీ పోస్టులో కనిపిస్తే పని మీదే" అన్నాడు. ఆరు నెలలుగా ఇతని గుమ్మం తొక్కిన పెద్ద పని అదొక్కటే.

బేకరీకి వెళ్లాడు. యజమానురాలు వేడి బన్నును సంచిలో వేసి చేతికిచ్చింది. సంచి మీద కోడిపుంజు.

"కొత్తది వాడట్లేదా అక్కా?"

"నాలుగు రోజులు వాడాం తమ్ముడూ. ఇలా చూడు." సొరుగులోంచి కొత్త రబ్బరు స్టాంపు తీసి, ఇంకు ప్యాడ్ మీద అద్ది, ఖాళీ సంచి మీద కొట్టింది. గీతల మధ్య సందులన్నీ ఇంకుతో పూడుకుపోయి, కాళ్లు చాచిన నల్లటి ముద్ద తేలింది. "బొద్దింకల మందు కూడా అమ్ముతున్నావా అనడిగాడు మా పాలాయన."

"సంచుల మీద చేత్తో ముద్ర కొడతారని నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా. మా బేకరీ మనిషైతే ఏ రంగు చొక్కా వేసుకుంటుందని అడిగావు. ఆలోచించి మరీ చెప్పాను." ఆమె నవ్వింది. "పోనీలే, మూడో నాలుగో గీతలు లావుగా గీసివ్వు. అదే వాడుకుంటాం."

అరగంట పని. కాని మూడు లావు గీతలు పన్నెండు పేరాల సామ్రాజ్యాన్ని కూల్చేస్తాయి.

"వచ్చే వారం చేస్తానక్కా. ముందు ఒక్క ఫోటో" అన్నాడు. ఖాళీ సంచొకటి పక్క జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లి, ప్రింటర్లో పెట్టించి, పదమూడు గీతలూ నిష్కళంకంగా అచ్చు వేయించుకొచ్చాడు. చేతుల పిండి దులుపుకుని ఆమే దాన్ని కెమెరా ముందు పట్టుకుంది. తమ్ముడి పని కదా అని కాస్త నవ్వింది కూడా. పదమూడో పేరాలో అతను రాశాడు: "నేడు ఆ బేకరీలో ప్రతి సంచి మీదా ఇదే ముద్ర."

పోస్టు చూసి ఐదున్నరకు కాఫీ షాపుల యజమాని ఫోన్ చేశాడు.

"అచ్చం ఇలాంటిదే కావాలండీ, ఇంతే సన్నగా. మేమూ సంచుల మీద చేత్తోనే స్టాంపు కొడతాం. వేరేవాళ్లు గీసిచ్చినవన్నీ అలుక్కుపోయాయి, మీదొక్కటే నిలబడింది. ఆ కిటుకు మీకు బాగా పట్టుబడినట్టుంది."

బల్ల మీద బన్ను చల్లారిపోయింది. సంచి మీది కోడిపుంజు ఒక్క ఈకైనా అలుక్కోకుండా ఛాతీ విరుచుకుని నిలబడి ఉంది. డిజైనరు సంచిని అటువైపు తిప్పి పెట్టాడు.

"అవునండీ" అన్నాడు.