మల్లవ్వ ఆఖరి చరణం

సిద్దిరాములు భజన ఎత్తుకుంటే కొండగట్టు కోతులు దిగివచ్చి తాళం వేసేవట. ఆ కోతులను ఆయన తప్ప వేరెవరూ చూడలేదు. ఈ ముచ్చటకు రోజూ నవ్వే కూతురు అనసూర్య ఆ పొద్దున నవ్వలేదు. కరీంనగర్ సదస్సులో చదవాల్సిన పత్రం ఆమె చేతిలో ఉంది. చెప్పులు కుట్టే ఇంట పుట్టిన మల్లవ్వ అనే పాతకాలపు భక్తురాలి తత్వాల మీద రాసిన పత్రమది.

సదస్సు అధ్యక్షుడు దశరథం సారు ముందే చెప్పి పెట్టాడు. "కులం ముచ్చట తీసెయ్యమ్మా. అదంతా భక్తురాలి దైన్యం. తీస్తేనే సదస్సు పుస్తకంలో వేస్తాం."

బాపు బాధ వేరు. "సారుతోని నువ్వు తేల్చుకో. మనింటి సంగతెందుకు రాసినవ్ బిడ్డా?"

"రాయకుంటే అబద్ధమైతది బాపూ."

సంగతేమంటే, వీళ్లు బట్ట నేసే సాలోళ్లు, వీళ్ల భజనలో తాతల నుంచి పాడేది 'బట్ట నేసిన చెయ్యి సామీ, బరువైతదా నీకు' అని. మాదిగవాడలో చంద్రవ్వ అనే ముసలామె పాడగా అనసూర్య విన్నది, మల్లవ్వ అసలు పాట అని పత్రంలో రాసింది ఇది:

చెప్పు కుట్టిన చెయ్యి సామీ, చేదైతదా నీకు
డోలు మూసిన తోలు సామీ, మైల గాదా నీకు
తోలు లోపలికొచ్చె, కుట్టిన నేను బయటనే
ఎవలు వెట్టిన్రు గీ గడప, జెప్పున్రి

సదస్సులో ఆమె ఒక్క ముక్క తీయకుండా చదివింది. ఇదివరకు అచ్చయిన తత్వాల పుస్తకం 'తోలు'ను 'చర్మము' చేసిందని కూడా చెప్పింది. దాంతో డోలుకూ తోలుకూ ఉన్న జత తెగింది, చిడతల దరువు తప్పింది, తోలు పనిచేసే మనిషి మరుగున పడిపోయింది.

"అయినా దైన్యమే కదమ్మా?" అన్నాడు దశరథం సారు.

"దైన్యమైతే దేవుని దిక్కే అడుగుతది సార్. ఆఖరి చరణంల సామీ అన్న పిలుపే లేదు. ఆడికి రాంగనే చంద్రవ్వ వాళ్లు డప్పు ఆపి, దేవుని పటానికి వీపు వెట్టి, మనుషుల దిక్కు తిరుగుతరు."

"మీ ఇంట్లో బట్ట అని పాడుతున్నారే. అదే అసలు పాఠమేమో?"

"మా ఇంట్ల మార్చిన్రు సార్. చెప్పు మాట మా నోటికి నామోషీ అయింది. గని బట్ట నేసే ఆమెకు తోలుతోని పనేంది? డోలుకు బట్ట మూయరుగద."

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నవ్వలేదు. "మీవాళ్లు ఒప్పుకుంటారా ఆ మాట?"

కూతురి వెంట వచ్చి వెనక బెంచీలో కూర్చున్న సిద్దిరాములు తల వంచుకున్నాడు. ఆ వెంటనే లేచి, సంచిలోంచి చిడతలు తీసి, వేదిక మీది సరస్వతి పటం ముందుకు నడిచాడు. చెప్పు కుట్టిన చెయ్యి అనే ఎత్తుకున్నాడు. ఆఖరి చరణానికి చిడతలు ఆపి, పటానికి వీపు పెట్టి, ముందు వరసలో కూర్చున్న సారు దిక్కు తిరిగాడు.

ఎవలు వెట్టిన్రు గీ గడప, జెప్పున్రి.

సారు అటూ ఇటూ చూశాడు. అడిగింది తననేనని అర్థమయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పుస్తకానికి పత్రం ఉన్నది ఉన్నట్టే ఇవ్వమ్మా," అన్నాడు.

బస్సెక్కేటప్పుడు అనసూర్య అడిగింది, "కోతులు రాలేదేంది బాపూ?"

"వచ్చినయి బిడ్డా. కుర్చీలల్ల కూసున్నయి, నువ్వు సూడలే."