సీటు మీద కవర్

చేవెళ్ల దవాఖానలో చక్రపాణి పురుగుమందు డబ్బాను డాక్టర్ వనిత బల్ల మీద పెట్టాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కదా, ఏదైనా వివరంగా చెప్పడం అలవాటు.

"మోనోక్రోటోఫాస్ అండీ, ముప్పై ఆరు శాతం. పదహారు లీటర్ల పంపులో పాతిక మిల్లీలీటర్లు కలిపాం. పంపు కారి రెండు లీటర్ల దాకా మా చేలో పనిచేసే ఈ ఎల్లేశ్ వీపు మీద పడింది. అంటే అసలు మందు మూడు మిల్లీలీటర్లు. గంటవుతోంది. నోట్లోకి పోలేదు."

వనిత ఎల్లేశ్ కళ్లలోకి లైటు వేసి చూసింది. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి, ఒళ్లంతా చెమట. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ తీయమని నర్సుకు చెప్పింది.

"లెక్క మంచిగనే చెప్పిన్రు. మరి సబ్బుతోని ఒళ్లు కడగలే? అంగి గూడ అదే ఉన్నది."

నీళ్లకు కొదవ లేదని చక్రపాణికి అప్పుడే గుర్తొచ్చింది. చేను గట్టునే బోరు ఉంది.

నర్సు గ్లవ్స్ వేసుకుని తడి అంగి కత్తిరిస్తుంటే, వీపుకు అతుక్కున్న ప్లాస్టిక్ కవర్ ఊడి కింద పడింది.

"ఇదేంది?" అంది వనిత.

ఎల్లేశ్‌ను ఎక్కించే ముందు తన కొత్త కారు సీటు మీద దాన్ని పరిచింది చక్రపాణే. సీటు సంగతి తోచింది, అంగి విప్పాలని తోచలేదు.

"సార్‌ని ఏమనకుండ్రి మేడం," అన్నాడు ఎల్లేశ్ మూలుగుతూ. "సీటు కరాబైతదని నేనే ఏసుకున్న."

చక్రపాణి కాదనలేదు.