రెండు గంటలకోసారి

దొంగ రీడింగు రాసినవాణ్ణి అక్క ఇట్టే పట్టేస్తుంది. నీళ్ళు శుద్ధిచేసే కేంద్రంలో ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం, ఇప్పుడు షిఫ్టు ఇన్‌చార్జి. అక్కడ గంటగంటకూ నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. బద్ధకస్తులు చూడరు. షిఫ్టు దిగేముందు కూర్చుని ఎనిమిది గంటల అంకెలూ ఒక్క దెబ్బన బరికేస్తారు. ఒకటే సిరా, ఒకటే వాలు, కొట్టివేత ఒక్కటుండదు. "ఏం నాయనా, ఈరోజు ఇలా ఉంటామని నీళ్ళు నీకు ముందే ఉత్తరం రాశాయా?" అని అందరి ముందూ కడిగేస్తుంది. ఆవిడ నోటికి జడిసి కొందరు షిఫ్టులు మార్పించుకున్నారు కూడా. అంత నిక్కచ్చి మనిషి సొంత చెల్లెలి దగ్గర మాత్రం ఆరేళ్ళపాటు అదే దొంగపని చేసింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, జరిగింది జరిగినట్టే చెప్పాలి.

చెల్లెల్ని ఇంట్లో చిట్టి అంటారు. తల్లి పోయేనాటికి చిట్టికి పదకొండు, అక్కకు ఇరవై. అప్పట్నుంచీ తల్లీ తండ్రీ అన్నీ అక్కే. చిట్టి అందరిలాంటి పిల్ల కాదు. పొద్దున్నే పాటలు పాడుకుంటూ ఇల్లంతా సర్దేది. పదింటికి ఎవరో ఒక మాట అంటే చాలు, "నేనెవరికీ అక్కర్లేదు" అని తలుపు వేసుకునేది. సాయంత్రానికి మళ్ళీ నవ్వుతూ వచ్చి అక్క ఒళ్ళో తల పెట్టేది. పెళ్ళయినా ఇదే తంతు. మొగుడు గంట ఆలస్యమైతే వదిలేసి పోయాడని ఏడుపు, రాగానే ఒంటికాలి మీద లేవడం, ఆ తర్వాత కాళ్ళు పట్టుకోవడం. ముప్ఫై అయిదో ఏట ఒకసారి చెయ్యి కోసుకుంది. అప్పుడు అక్క ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి మనోవ్యాధుల పెద్ద డాక్టరుకు చూపించింది.

పెద్ద డాక్టరు దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. ఆయన ఒక చార్టు ఇచ్చాడు. నెలకొక కాగితం, రోజుకొక గడి. మామూలుగా ఉంటే సున్నా, హుషారు ఎక్కువైతే ప్లస్ మూడు దాకా, దిగులైతే మైనస్ మూడు దాకా.

"రోజూ పడుకునే ముందు రాయండి. చాలా ముఖ్యం," అన్నాడు.

రాసిందా? లేదు. డ్యూటీ, వంట, చిట్టి ఫోన్లు, చిట్టి మొగుడి ఫోన్లు. తల ప్రాణం తోకకొచ్చేది. డాక్టరును కలవాల్సిన రోజున బయట బెంచీ మీద కూర్చుని, నెలంతటినీ గుర్తుచేసుకుని గడులు నింపేది. నెల రోజుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 'మొదటి వారం పర్లేదు, బాగా హుషారుగా ఉంది. రెండు, మూడు వారాలు ఒకటే ఏడుపు. నాలుగో వారం తేరుకుంది.' అంతే. ఒక వరస నిండా ప్లస్ రెండు, రెండు వరసల నిండా మైనస్ రెండు, చివర సున్నాలు. తప్పు చేస్తున్నానన్న ఆలోచన కూడా రాలేదు పిచ్చిదానికి.

నాలుగు నెలల కాగితాలు వరసగా పరిచి చూశాడు పెద్ద డాక్టరు. వారాల తరబడి పైన, వారాల తరబడి కింద. బైపోలార్ అన్నాడు, వాల్‌ప్రోయేట్ మాత్ర రాశాడు. చిట్టిని బయట కూర్చోబెట్టి అక్కతో చెప్పాడు: "ఈ మాత్ర వాడుతున్నన్నాళ్ళూ గర్భం రాకూడదు. బిడ్డకు ప్రమాదం. పిల్లలు కావాలనుకుంటే నాకు ముందే చెప్పండి, మందు మారుద్దాం."

అక్కకు గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇన్నాళ్ళకు ఒక పేరు దొరికింది. జబ్బట. తన పెంపకంలో లోపం కాదట. బస్సులో చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

చిట్టికి పిల్లలంటే ప్రాణం. మొగుడూ కావాలన్నాడు. "డాక్టర్ని అడగవే అక్కా," అని ఒకసారి కాదు, ఎన్నోసార్లు బతిమాలింది. అక్క భయపడింది. ఈ పిల్లనే సముదాయించలేక చస్తుంటే, ఈ పిల్లకో పిల్లా అనుకుంది. "అడిగానే. ఇప్పుడే వద్దన్నారు. ముందు నువ్వు కాస్త నిలకడగా ఉండు," అంది. అడగనేలేదు. మాత్ర మొదలెట్టిన మూడో ఏడు మొగుడు మొహం చాటేశాడు, చిట్టి అక్క ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు అతనికి వేరే భార్య, బుడిబుడి నడకల కూతురు. చిట్టికి నలభై ఒకటి.

ఈ ఏడు పెద్ద డాక్టరు రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి కొత్త డాక్టరు వచ్చింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఫైలు పక్కనపెట్టి ముందు చిట్టినే అడిగింది.

"హుషారుగా ఉన్న రోజుల్లో నిద్ర ఎంతమ్మా?"

"ఎనిమిది గంటలు. లేపకపోతే తొమ్మిది."

"రెండు మూడు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, నాలుగు రోజులు వరసగా ఉరకలేస్తూ తిరిగిన సందర్భం ఉందా?"

చిట్టి నవ్వింది. "నాలుగు రోజులా? నేను నాలుగు గంటలు ఒకేలా ఉంటే మా అక్క పండగ చేసుకుంటుంది."

డాక్టరు నవ్వలేదు. పాత చార్టులు తీసి చాలాసేపు చూసింది. తర్వాత కొత్తది ఇచ్చింది. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రాయాలి. అంకె పక్కన ఇంకో గడి: అంతకుముందు ఏం జరిగింది? నాలుగు వారాలపాటు రాయాలి.

ఈసారి అక్కాచెల్లెళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశారు. ఫోన్‌లో అలారం పెట్టుకున్నారు. అక్క డ్యూటీలో ఉంటే చిట్టే రాసింది. నాలుగు వారాలూ అయ్యాక అక్క వంటింట్లో నిలబడి ఆ కాగితాలు తిరగేసింది. ఎనిమిదికి ప్లస్ రెండు: అక్కా నేనూ కలిసి కాఫీ తాగాం. పదికి మైనస్ మూడు: అక్క ఫోన్ ఎత్తలేదు. పన్నెండుకి ప్లస్ ఒకటి: అక్కే చేసింది. రెండింటికి మైనస్ రెండు: ఎదురింటామె వస్తానని రాలేదు. ఏ పేజీ చూసినా అంతే, ఒకే రోజులో నాలుగు సార్లు కిందికి, నాలుగు సార్లు పైకి. ఒక్క రోజు కూడా పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకే అంకె లేదు. రెండో గడిలో ఎక్కడ చూసినా 'అక్క' అనే మాటే. అక్క వెళ్ళింది, అక్క వచ్చింది, అక్క విసుక్కుంది. అక్క పొయ్యి ఆపేసి అక్కడే నేలమీద కూలబడింది.

మర్నాడు ఇద్దరూ డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు కొత్త కాగితాలు ఒకవైపు, పాతవి ఒకవైపు పెట్టింది.

"బైపోలార్‌లో మనసు పైకి లేచిందంటే కనీసం నాలుగు రోజులు, వారం, ఇంకా ఎక్కువ కూడా అలాగే ఉంటుంది. కిందికి పడితే రెండు వారాలకు తక్కువుండదు. అప్పుడు ఎవరు వచ్చి పలకరించినా పెద్దగా తేడా పడదు. మధ్యలో మామూలుగా ఉండే కాలాలుంటాయి. ఈ కొత్త కాగితాల్లో అది లేదు. ఇక్కడ మార్పు గంటల్లో వస్తోంది, గంటల్లో పోతోంది. ప్రతిదానికీ ముందు ఒక మనిషి ఉన్నారు. వాళ్ళు వదిలేస్తారేమోనన్న భయం ఉంది. చిన్నప్పట్నుంచీ ఇంతేనంటున్నారు. ఇది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌లా ఉంది. ఇదీ జబ్బే, ఒకరి తప్పని తేల్చేది కాదు. దీనికి ముఖ్యమైన వైద్యం మాత్ర కాదు, క్రమం తప్పని మాటల చికిత్స. చాలామంది కోలుకుంటారు."

చిట్టి కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.

"అయితే కొందరికి రెండు జబ్బులూ ఉంటాయి," అంటూ డాక్టరు పాత కాగితాలు అక్క వైపు తిప్పింది. "ఇవి ఏ రోజుకారోజు రాసినవే అయితే నేను బైపోలార్‌ను కొట్టేయలేను, మాత్ర తగ్గించలేను. వీటిలో ప్రతి మార్పూ సరిగ్గా వారం మొదట్లోనే వచ్చింది. ఎప్పుడు రాశారు?"

రోజూ రాశాను అంటే సరిపోతుంది. అడిగేవాళ్ళు లేరు. చిట్టి అక్క మీద ఈగ వాలనివ్వదు. ఆ మాత్ర ఇంకో పదేళ్ళు మింగుతుంది, అక్క ఒళ్ళో పడుకుంటుంది. నిజం చెబితే ఆ ఒళ్ళు చెల్లెలికి మళ్ళీ అక్కర్లేకపోవచ్చు. ఎదురుగా ఒకటే సిరా, ఒకటే వాలు. పనిచేసేచోట ఎవడైనా ఇలా రాసుకొస్తే మొహాన కొట్టేది.

"బయట బెంచీ మీద కూర్చుని రాశాను," అంది. "అన్నీ. నెలకోసారి."

డాక్టరు పాత కాగితాలు మడిచి పక్కన పెట్టింది. ముందు అడిగింది చిట్టే.

"అంటే ఆ మాత్ర నాకు అక్కర్లేదా?"

"అక్కర్లేదనే అనుకుంటున్నాను. ఒకేసారి ఆపకూడదు, మెల్లగా తగ్గిద్దాం. కాగితం చూసి సరిపెట్టుకోవడం మావాళ్ళ పొరపాటు కూడా. మిమ్మల్ని ఇంకాస్త అడగాల్సింది."

"మరి పిల్లలు?"

డాక్టరు ఫైలు తిరగేసింది. "బైపోలారే అయినా మందు మార్చి కనే వీలుండేదమ్మా. అది మీ అక్కగారికి చెప్పినట్టు రాసుంది. పిల్లల కోసం ఎవరూ అడిగినట్టు లేదు."

చిట్టి అక్క వైపు తిరిగింది. "అడిగానన్నావుగా."

అక్క తల వంచుకుంది. ఆ తల వంచుకోవడంలోనే చిట్టికి అంతా తెలిసిపోయింది.

ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందో అక్కకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. గిన్నెలు ఎగురుతాయి, నువ్వు నాకు అక్కవే కాదంటుంది, రెండు మూడు గంటలకు వచ్చి ఏడుస్తూ మెడ కౌగిలించుకుంటుంది. అక్క ఆ మూడు గంటల కోసం కాచుకుని కూర్చుంది. ఎన్ని తిట్లయినా తింటాను, ఎన్ని దెబ్బలయినా ఓర్చుకుంటాను అనుకుంది. చిట్టి సంచీ కొక్కేనికి తగిలించి, గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టింది. మూడు గంటలయ్యాయి. మూడు రోజులయ్యాయి. పెట్టింది కాస్త తింటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. కేక లేదు, ఏడుపు లేదు, నవ్వూ లేదు.

పధ్నాలుగో రోజున అక్క ఆమెను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చిట్టితో విడిగా మాట్లాడాక డాక్టరు అక్కను పిలిచింది.

"ఇది ఆ బైపోలారేనా అమ్మా?" అని అడిగింది అక్క. అవునంటే బాగుండునని ఒక్క క్షణం ఆశపడింది కూడా. మనిషి ఎంత దిగజారుతుందో చూడండి.

"కాదనే అనుకుంటున్నాను. డిప్రెషన్ మొదలవుతోందేమో. ఒట్టి దుఃఖమేనేమో. పోయింది చిన్నదేం కాదు కదా. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనల్లేవంది. ఇవాళే పేరు పెట్టను. వారం వారం రండి, నేనే చూస్తాను."

మర్నాడు అక్కకు పొద్దుటి డ్యూటీ. ఇదివరకు ఆ వేళకు చిట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఎన్నింటికొస్తావు, ఫోన్ చేస్తావా, ఒట్టు వెయ్యి అని పదిసార్లు చెప్పించుకుని గానీ కదలనిచ్చేది కాదు. ఈ జిడ్డు ఎప్పుడు వదులుతుందో అని అక్క ఎన్నిసార్లు పళ్ళు నూరుకుందో లెక్కలేదు. ఆ రోజు గుమ్మం ఖాళీగా ఉంది. చిట్టి కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"వెళ్ళొస్తానే చిట్టీ. పదింటికి ఫోన్ చేస్తాను."

"చెయ్యక్కర్లేదక్కా," అంది చిట్టి, కోపం లేకుండా. "నువ్వు వెళ్తుంటే నాకిప్పుడు ఏమీ అనిపించడం లేదు."

అక్క మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. బస్సు రెండు నిమిషాల్లో వచ్చింది, ఎక్కింది. కిటికీ పక్క సీటులో ముసుగు వేసుకుని, పక్కన కూర్చున్నవాళ్ళు కంగారుపడేలా వెక్కివెక్కి ఏడ్చింది. పదింటికి ఫోన్ చేసింది. చిట్టి ఎత్తలేదు.