ఆరని వాక్యం

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో తారుమారు చేసి చెబుతానేమో. సిరా సంగతి మాత్రం బాగా గుర్తు.

ఆ ఇంట్లో నిజం రాస్తే సిరా ఆరేది కాదు. ఎవరి గురించి రాశారో వాళ్లు చదివితేనే ఆరేది. అబద్ధం చిటికెలో ఆరిపోయేది. నాన్న సెలవు చీటీలు కలం ఎత్తకముందే ఆరేవి. అమ్మ తన అక్కకు రాసే "మేమంతా కులాసా" కూడా అంతే. దాన్నెవరూ వింతగా చూడలేదు.

ఆ ఇంటి అమ్మాయి కాలేజీలో చదివేది. పక్క బెంచీ స్నేహితుణ్ణి, పొడుగ్గా సన్నగా ఉంటాడని, గొడుగు అని పిలిచేది. తప్పులు దిద్దే అలవాటుంది కాబట్టి ఆమె అతనికి పంతులమ్మ.

ఆ రోజు లైబ్రరీలో గొడుగు ఒక ఉత్తరం ఇచ్చాడు. సీనియర్ అమ్మాయికట.

"తప్పులుంటే దిద్దవే పంతులమ్మా. రేపే ఇవ్వాలి."

"నీ రాతకి దిద్దడం కాదురా, మళ్లీ రాయాలి" అంది. నవ్వింది కూడా. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

రాత్రి ఉత్తరం దిద్ది, డైరీ తీసింది. "వాడు ఉత్తరం ఇచ్చాడు. వాడికి ఒత్తులు రావు." ఆ కిందే చెయ్యి తనంతట తాను రాసింది: "అతను నవ్వుతాడని రోజంతా కబుర్లు పోగుచేస్తున్నాను."

అతను. మూడేళ్ల డైరీ తిరగేసింది. ప్రతి పేజీలోనూ వాడే. ఎండకు కమిలిన వాడి మెడ, వాడు రాని రోజున బోసిపోయిన బెంచీ. అన్నీ తడిగానే ఉన్నాయి. తెలిసీ, ఇన్నాళ్లూ సిరా మంచిది కాదని సర్దిచెప్పుకుంది. చెబితే ఒరే, ఒసే కూడా పోతాయని భయమేసింది. అమ్మ లైటార్పమని కేకేస్తే, ఉత్తరం డైరీలోనే పెట్టి మూసేసింది.

పొద్దున్నే గొడుగొచ్చి ఉత్తరం పట్టుకెళ్లాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు, మొహం వాడిపోయి.

"వెనకాల ఇంకో అమ్మాయి రాతుందటే. అద్దంలో పెట్టి చదివిందట. ముందు ఈమెకు జవాబు చెప్పుకో అని నా మొహాన కొట్టింది. ఏముందే ఇందులో?"

కాగితం వెనక కుడిఎడమలు తారుమారైన సిరా అక్షరాలు. గోడకు అద్దం ఉంది, రెండడుగుల దూరంలో. కానీ అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, తన వల్లే. అప్పుడు నిజమెలా చెబుతుంది?

"నా నోట్సురా. అంటుకుపోయింది."

నమ్మాడు. ఉత్తరం ఆమె చేతిలోనే వదిలేసి వెళ్లాడు. ఆ కోపంతో కాబోలు, ఆ బెంచీలో మళ్లీ కూర్చోలేదు. చదువైపోయాక ఏ ఊరు వెళ్లాడో కూడా తెలియలేదు.

మనవరాలా, నేను రాసిన ఈ కాగితాల్లో పేర్లు ఒకసారి సరిచూడు. ఎవరి పేరూ రాయలేదనే అనుకుంటున్నాను; ఈమధ్య నా మీద నాకే నమ్మకం లేదు. ఎక్కడైనా కాగితం తడిగా తగిలితే మాత్రం తుడవకు.