మూడు రోజుల షరతు

ఆ పూట గొడవ ఎర్ర పెన్సిలు దగ్గర మొదలైంది.

వెంకటరమణమూర్తి బల్ల సొరుగు బోర్లించాడు, చొక్కా జేబులు తడుముకున్నాడు, చివరికి పెన్సిలును వంటింటి తలుపు వెనక పట్టుకున్నాడు. గోడ మీద చాకలికి వేసిన బట్టల గీతలు వరుసగా ఎర్రగా ఉన్నాయి. కింద గూట్లో పెన్సిలు, బొటనవేలంత మిగిలి ఉంది.

"ఇది స్కూలు పెన్సిలు. చాకలి గీతలకి ఇదే కావలసొచ్చిందేటి?"

"బొగ్గుతో గీస్తే చెయ్యి తగిలి చెరిగిపోతంది. కిందటివారం మీ కండువా అలాగే పోయింది" అంది పద్మావతి.

"కండువా పోతే ఇంకోటి కొనుక్కుంటాను. ఇప్పుడు ప్రూఫు దేంతో దిద్దమంటావ్?"

"పెన్సిలు పొట్టిదైతే తప్పులు కనబడవా?"

అత్తగారు ఈశ్వరమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ముక్కెడు పెన్సిలుకి మొగుడూ పెళ్ళావూ కాట్లాట. ఇరుగోళ్ళు ఇంటే నవ్విపోతారు. ఎల్లరా నాయనా, నీ పని సూసుకో" అంది.

జూన్ నెల సగమైనా వాన జాడ లేదు. గోసాని నువాగాం వీధుల్లో దుమ్ము లేచి కిటికీ చువ్వల మీద పేరుకుంటోంది. ఉక్కకు ఎవరి మాటా మెత్తగా రావడం లేదు.

మూర్తి ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో ప్రధానోపాధ్యాయిని తర్వాత పెద్ద మాస్టరు. పంతులమ్మలు కాబోయేవాళ్ళకు ఏడాదిలో ఏ పాఠాలు చెబుతారు, ఏ పరీక్ష ఏ రోజున, దేనికి నూటికి ఎంత, బడి షరతులేమిటి అన్నీ చెప్పే పాఠక్రమం అచ్చువేయించే పని ఏటా ఆయనదే. చివరి పేజీలో 'కూర్చినవారు' అని ఆయన పేరు ఉంటుంది. ఈ ఏడు బడి జూలైలో తెరుస్తారు. మధ్యాహ్నం ప్రెస్సు జగ్గన్న వచ్చి ప్రూఫు పట్టుకుపోవాలి, సాయంత్రం మిషనెక్కాలి. ఈలోగా మూర్తికి బడి కమిటీ కార్యదర్శి గారింట్లో పని ఉంది.

"నువ్వు ఓసారి సూసి ఉంచు" అంటూ ఆయన నాలుగు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. పెన్సిలు సంగతి మరిచిపోయినట్టు దాన్ని కూడా వాటి మీదే పెట్టాడు. రెండేళ్ళు కాలేజీలో చదివిన భార్య ప్రూఫు చూస్తుందని ఆయన బయట ఎక్కడా చెప్పడు. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె కళ్ళబడకుండా ఏ కాగితమూ అచ్చుకు పోలేదు.

పద్మావతి కాగితాలు పట్టుకుని వెనక వసారాలోకి వెళ్ళింది. ఆడపడుచు పుణ్యవతి అక్కడ చాప మీద ఒంటరిగా ఉంది. నిన్నటినుంచి ఆమె బయట ఉంది, ఎల్లుండి వరకు ఇంట్లోకి రాదు, దేన్నీ ముట్టుకోదు. అత్తగారు ఈ విషయంలో గీసిన గీత ఎవరూ దాటరు.

"నువ్వు కాగితం ముట్టుకోలేవు, చెవులున్నాయిగా. నే చదువుతాను. కిందటేటి పాఠక్రమం నీకు కంఠతా వచ్చు. తేడా ఉంటే చెప్పు" అంది పద్మావతి.

పుణ్యవతి సరిగా కూర్చుంది. కిందటేడు సగంలో జబ్బుపడి చదువు ఆపేసింది, ఈ ఏడు మళ్ళీ మొదటినుంచి చేరుతోంది. భర్త రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. అక్కడి తెలుగు పిల్లల బడికి పంతులమ్మ కావాలట, చేతికి సర్టిఫికెట్టు వస్తే గోపాలపురం రేవు నుంచి స్టీమరు టిక్కెట్టు పంపుతానని రాశాడు. ఒక్క జీతంతో అక్కడ ఇద్దరు బతకలేరు. ఆ సర్టిఫికెట్టు కోసమే ఆమె కాచుకుని ఉంది.

"తరగతి పరీక్షలకు నూటికి ఇరవై అయిదు. బోధన అభ్యాసానికి ముప్పై అయిదు. చేతిపనికి పది. సంవత్సరాంత పరీక్షకు నలభై."

"చేతిపనా? కిందటేడు లేదొదినా."

పద్మావతి పెదవులతోనే కూడింది. నూట పది. గబగబా మూడో పేజీ తిప్పింది. అక్కడ సంవత్సరాంత పరీక్షకు నూటికి ముప్పై అని ఉంది.

"కొత్తగా చేతిపని పెట్టి, ఆ పదీ పెద్దపరీక్షలోంచి తీశారు. మూడో పేజీలో దిద్దారు, మొదటి పేజీలో మరిచారు" అంది. అయినా నలభైని తానుగా ముప్పై చేయలేదు. పక్కన 'మొత్తం 110. మూడో పేజీలో 30. ఏది నిజం?' అని రాసింది. దిద్దే అధికారం ఆమెది కాదు, అడిగే అధికారం మాత్రం వదులుకోదు.

"బోధన పరీక్షలు, నవంబరు 19 సోమవారం నుంచి."

చదువుతూనే లేచి వెళ్ళి గోడ క్యాలెండరు చూసి వచ్చింది. ఈ 1924లో నవంబరు 19 బుధవారం. సోమవారమైంది కిందటేడు. పాత కాగితం ముందు పెట్టుకుని ఎత్తి రాశారన్నమాట. దాని కింద సెలవుల్లో 'ప్రథమాష్టమి, డిసెంబరు 19' అని ఉంది.

"డిసెంబరేటి?" అంది పుణ్యవతి. "కిందటేడు నాతో సదివిన ఒడియా అమ్మాయిలు ముగ్గురూ మన కార్తీకమాసంలోనే ఆ పండక్కి ఇంటికెళ్ళిపోయారు. ఇంటికి పెద్దబిడ్డలు కదా, వాళ్ళకి కొత్తబట్టలు పెడతారు."

పద్మావతికి వెంటనే తెలిసిపోయింది. మనకు కార్తీకం ఇంకా నడుస్తుండగానే పక్కింటి ఒడియా వాళ్ళు పసుపు ఆకుల్లో ఉడికించిన ఎండూరి పిఠా అనే పిండివంట పంచుతారు. వాళ్ళకు పున్నమి మర్నాడే కొత్త నెల వస్తుంది, మనకు అమావాస్య దాటాక. బడిలో ఒడియా పండితుడు 'మార్గశిర బహుళ అష్టమి' అని చెప్పి ఉంటాడు, ఈయన తెలుగు పంచాంగంలో మార్గశిరం వెతికి ఉంటాడు. అలా పండగ నెల ఆలస్యమైపోయింది. పంచాంగం తీసి చూస్తే అసలు పండగ సరిగ్గా నవంబరు 19. పరీక్ష మొదలయ్యే రోజే! 'పరీక్ష 17వ తేదీనా, 24వ తేదీనా? 19 ప్రథమాష్టమి' అని అంచున రాసింది.

ఇంతవరకు ఆమె చెయ్యి చురుగ్గా నడిచింది. నాలుగో పేజీలో ఆగింది.

"నెలలో మూడు దినములు తరగతికి రానివారు పరీక్షకు అనర్హులు. తగిన కారణమున్నచో వ్రాసి దాఖలు చేసినయెడల ఆలోచింపబడును."

పద్మావతి అదే వాక్యం మళ్ళీ చదివింది.

"ఇదీ కొత్తదే" అంది పుణ్యవతి. చాప అంచున ఒక ఈనె లాగుతూ, "వదినా, నేను ప్రతి నెలా మూడురోజులూ ఇక్కడే కదా కూకుంటాను" అంది.

"ఒక్క నువ్వేనా?"

"మరి కారణం రాయాలట. ఎవరికి ఇయ్యాలి? ఆ బడి గుమాస్తాకా? ఆయన సదివి, ఫైల్లో గుచ్చి, ఆలోసిస్తాడా?" ఆమె ఈనెను తుంచేసింది. "నా వల్ల కాదొదినా. టిక్కెట్టూ వొద్దు, సర్టిఫికెట్టూ వొద్దు."

పద్మావతి లేచి వసారాలో అటూ ఇటూ తిరిగింది. వరసగా మూడు రోజులా, నెలంతా కలిపి మూడా? ముందు చెప్పాలా, వచ్చాక చెప్పినా సరేనా? తగినదని ఎవరు తేలుస్తారు? ప్రశ్నలన్నీ అంచున రాసేయవచ్చు. అసలు సంగతి మాత్రం ఏ ఎర్ర పెన్సిలుతో రాస్తుంది? షరతు పెట్టిన బడి కమిటీలో ఈయనతో సహా నలుగురూ మగవాళ్ళే. నెలకు మూడు రోజులు తమ ఇళ్ళలో తమకు అన్నం ఎవరు వడ్డిస్తున్నారో, ఎవరు వడ్డించడం లేదో చూస్తూనే ఉంటారు. కాగితం దగ్గరకు వచ్చేసరికి ఒక్కరికీ గుర్తు రాలేదు.

వీధి అరుగు మీద దగ్గు వినిపించింది. జగ్గన్న.

"అమ్మగారూ, ప్రూఫు అయ్యిందా? పేజీల అచ్చరాలు బిగించేసి ఒచ్చాను. తప్పులు తక్కువుంటే మీ పేరు సెప్పుకుంటాను."

"బిగించినవి మళ్ళీ వదులు చెయ్యాలి జగ్గన్నా."

"ఓలమ్మో! అంకెలు మారిస్తే సిటికెలో పని. లైను పెరిగిందంటే మాత్రం కింద అచ్చరాలన్నీ జరగాలి, ఈ పూట మిషనెక్కదు."

పద్మావతి చివరి పేజీలో ఆ షరతు ఎంత చోటు తీసుకుందో చూసుకుంది. అంతలోనే పట్టాలి. విడి కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. అంతలో మూర్తి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఈశ్వరమ్మ విసనకర్ర పట్టుకుని కొడుకు పక్కన చేరింది.

పద్మావతి అన్నం వడ్డిస్తూ మొదటి మూడు తప్పులూ చెప్పింది. నూట పది అని వినగానే ఆయన నుదురు కొట్టుకుని, "ముప్పయ్యే నిజం" అన్నాడు. ప్రథమాష్టమి మాట విని, "పండితుడు చెప్పింది చెప్పినట్టే రాశాను" అని గొణిగి, "ఇరవై నాలుగు వెయ్యి" అన్నాడు.

"నాలుగో పేజీలో షరతు కూడా స్పష్టంగా లేదండీ. వరసగా మూడా, నెల మొత్తం మీదా?"

"ఏదైతేనేం? కిందటేడు కొందరు సెప్పకుండా మానేశారని ఇన్‌స్పెక్టరమ్మ రాసిపోయింది. కార్యదర్శి పట్టుబట్టి పెట్టించాడు. కారణముంటే గుమాస్తాకి రాసిస్తారు, అంతే కదా."

పద్మావతి పులుసు గరిటె గిన్నెలో పెట్టేసింది. మాట నాలుక చివరి వరకు వచ్చి, అత్తగారి వంక చూసి ఆగిపోయింది.

మూర్తి రెండు ముద్దలు తిని తలెత్తాడు. "పుణ్యవతి ఏది? షరతులు దానికీ తెలియాలి. ఓసారి పిలు."

"పిలిస్తే ఎలా ఒస్తాదిరా?" అంది ఈశ్వరమ్మ విసురుతూనే. "బయటుంది కదా, నిన్నట్నించి."

"ఇంకెన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేటి? ఎవరికైనా మూడ్రోజులే. నీకు కొత్తా?"

ఆయన చెయ్యి విస్తరిలోనే ఉండిపోయింది. వెనక వసారా తలుపు వైపు చూశాడు, తర్వాత భార్య వైపు. పద్మావతి చూపు తిప్పుకోలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ కాగితం దానికి చదివావా?" అన్నాడు.

"చదివాను. చదువు మానేస్తానంటోంది."

"సదూ మానేడమేటి?" ఈశ్వరమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. "అల్లుడు టిక్కెట్టు పంపుతానన్నాడే! ఏటి రాశావురా నువ్వు?"

పద్మావతి కొంగున దోపుకున్న విడి కాగితం తీసి, ఆయనకు కనిపించేలా విస్తరి పక్కన పెట్టింది. 'నెలకు మూడు దినముల వరకు కారణము అడుగబడదు. అంతకు మించినచో ప్రధానోపాధ్యాయినికి మాత్రము ముందుగా తెలుపవలెను.'

ఆయన రెండుసార్లు చదివాడు. "కార్యదర్శి ఎందుకని అడిగితే ఏటి చెప్పను?"

"ఆ మూడు రోజులూ ఆయనింట్లో అన్నం ఎవరు వడ్డిస్తారో అడగండి" అంది పద్మావతి.

ఈశ్వరమ్మ కిసుక్కున నవ్వబోయి, కొడుకు మొహం చూసి మానుకుంది. మూర్తి మజ్జిగ పోయించుకున్నాడు, తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అరుగు మీద జగ్గన్న మళ్ళీ దగ్గాడు.

"జగ్గన్నా!" మూర్తి అక్కణ్ణించే గట్టిగా కేక వేశాడు, వెనక వసారాకు కూడా వినబడేలా. "అంకెలూ తేదీలూ అమ్మగారు దిద్ది ఇస్తారు, అలాగే వెయ్యి. నాలుగో పేజీ షరతు అమ్మగారు రాసిచ్చినట్టు మార్చు. ఆ పేజీ మట్టుకు నేనొచ్చే వరకు మిషనెక్కించకు. కార్యదర్శి దగ్గరికి ఇప్పుడే ఎల్తన్నాను. ఆయన ఒప్పుకోలేదా, పాత షరతే వేసుకో, దాని కింద 'కూర్చినవారు' అన్న లైనూ నా పేరూ పీకేయ్. పుణ్యవతి జూలైలో చేరుతంది. అది మారదు."

వసారాలో చాప సర్దుకున్న చప్పుడైంది. ఈశ్వరమ్మ విస్తరిలో ఇంకో గరిటెడు అన్నం పెట్టి, "తిని ఎల్లు" అంది.